దావాను దారి మళ్లించే ఒక్క క్లాజు

విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ తన సరుకును దేశమంతటా అమ్ముతుంది. పంజాబ్‌లోని లూథియానాలో ఆ ఇనుమునూ ఉక్కునూ హ్యాండ్లింగ్ చేసే పని ఓ రవాణా సంస్థకు అప్పగించింది. కొంతకాలానికి ఇద్దరికీ చెడింది. నిగమ్ కాంట్రాక్టు రద్దు చేసి, ఆ సంస్థను బ్లాక్‌లిస్టులో పెట్టింది. రవాణా సంస్థ ఊరుకోలేదు. 2002లో లూథియానా సివిల్ కోర్టులో దావా వేసి, ఆ నిర్ణయాలు అమలు కాకుండా ఇంజంక్షన్ ఇవ్వాలని అడిగింది.

ఇంతవరకూ మనకు తెలిసిన కథే. అయితే కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ క్లాజు ఒకటి ఉంది. వివాదం వస్తే ఆర్బిట్రేటర్ ముందుకు వెళ్లాలని ఇద్దరూ ముందే ఒప్పుకుని సంతకాలు పెట్టారు. నిగమ్ దాన్ని కోర్టుకు చూపించి, ఈ దావాను ఇక్కడ విచారించకండి, ఆర్బిట్రేషన్‌కు పంపండి అంది. కింది కోర్టు ఒప్పుకోలేదు. హైకోర్టులోనూ నిగమ్‌కు అనుకూలంగా రాలేదు. చివరికి 2006 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ అభ్యర్థనను మన్నించింది. కాంట్రాక్టు రద్దు న్యాయమా, బ్లాక్‌లిస్టు సబబా అన్న అసలు తగువు జోలికి ఈ నాలుగేళ్లలో ఎవరూ పోలేదు. ఎక్కడ వాదించుకోవాలన్న దాని మీదే అంత కాలం గడిచింది.

కోర్టు గడప ఎక్కినవాణ్ని కోర్టే బయటికి పంపడం వింతగా అనిపిస్తుంది. కేసులు పేరుకుపోయాయి కాబట్టి జడ్జీలు బరువు దించుకుంటున్నారని చాలామంది అనుకుంటారు. చట్టం చెప్పే కారణం అది కాదు. ఎవరి కేసు ఎందుకు బయటికి వెళ్తుందో, ఎవరిది వెళ్లదో తెలియాలంటే 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టంలోని సెక్షన్ 8 దగ్గర కాస్త ఆగాలి.

ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్న విషయం మీద ఎవరైనా కోర్టులో దావా వేస్తే, అవతలి పక్షం సకాలంలో అడిగినప్పుడు కోర్టు ఆ పక్షాలను ఆర్బిట్రేషన్‌కు పంపి తీరాలి. సెక్షన్ 8 సారాంశం ఇదే. 'పంపవచ్చు' అని కాదు, 'పంపాలి' అని ఉంది. ఈ ఒక్క మాట వెనక పాత చరిత్ర ఉంది. అంతకుముందున్న 1940 చట్టం కింద దావాను ఆపాలా వద్దా అన్నది జడ్జి విచక్షణకే వదిలేశారు. ఆర్బిట్రేషన్‌కు ఎందుకు పంపకూడదో వాది ఏదో ఒక కారణం చెప్పేవాడు, జడ్జి దాన్ని తూకం వేసేవారు, ఆ తూకం మీద అప్పీళ్లు నడిచేవి. ఆర్బిట్రేటర్ అవార్డు ఇచ్చాక దాన్ని కోర్టులో దాఖలు చేసి డిక్రీగా మార్పించుకోవడం మరో యాత్ర. ఆ చట్టం నడిచిన తీరు చూస్తే లాయర్లకు నవ్వు, న్యాయ తత్వవేత్తలకు ఏడుపు వస్తాయని 1981లో జస్టిస్ డి.ఎ. దేశాయ్ ఒక తీర్పులో వాపోయారు. 1996 చట్టం ఐక్యరాజ్య సమితి వాణిజ్య న్యాయ సంఘం 1985లో రూపొందించిన నమూనా చట్టాన్ని అనుసరించి ఆ విచక్షణను తీసేసింది. చట్టం అనుమతించిన చోట తప్ప కోర్టులు జోక్యం చేసుకోకూడదని సెక్షన్ 5లో విడిగా రాసింది కూడా.

అంటే జడ్జి ముందుండే ప్రశ్న బాగా కుదించుకుపోయింది. ఈ తగువుకు ఏ దారి మంచిదని ఆయన చూడరు. వీళ్లిద్దరూ ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకున్నారా, ఈ తగువు ఆ ఒప్పందం పరిధిలోకి వస్తుందా అన్నంతవరకే చూస్తారు. 2015 సవరణ ఈ పరిశీలనను ఇంకా పలచన చేసింది. పైపైన చూసినప్పుడే చెల్లుబాటయ్యే ఒప్పందం ఏదీ లేదని తేలితే తప్ప, పంపాల్సిందే. అనుమానం ఉంటే కూడా పంపడానికే మొగ్గాలని 2020 డిసెంబరులో విద్యా ద్రోలియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందం నిజంగా ఉందా, చెల్లుతుందా అన్న లోతైన పరీక్షను ఆర్బిట్రేటరే చేయగలడు. సెక్షన్ 16 ఆ అధికారం ఆయనకు ఇచ్చింది.

మళ్లీ లూథియానాకు వద్దాం. నిగమ్ అభ్యర్థన అంత చిన్న మెలిక దగ్గర చిక్కుకుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, అదే జరిగింది. సెక్షన్ 8 కింద పిటిషన్ వేయడానికి ఒక గడువు ఉంది. వివాదం సారాంశం మీద తన మొదటి వాదనను దాఖలు చేసే తేదీ దాటకముందే ప్రతివాది ఆ పిటిషన్ వేయాలి. మామూలు దావాలో ఆ మొదటి వాదన అంటే జవాబు దావా, కోర్టు హాళ్లలో అందరూ రిటన్ స్టేట్‌మెంట్ అని పిలిచేది. అది వేసేశాక ఆర్బిట్రేషన్ గుర్తొస్తే ఆలస్యమైపోయినట్టే. కోర్టులోనే కొట్లాడడానికి సిద్ధపడ్డాడని చట్టం అనుకుంటుంది.

అయితే ఇంజంక్షన్ దావాల్లో జవాబు దావా కంటే ముందే తొందర మొదలవుతుంది. వాది దావాతో పాటు తాత్కాలిక ఇంజంక్షన్ కోసం ఐఏ వేస్తాడు. దానికి వెంటనే కౌంటర్ వేయకపోతే ప్రతివాది మీద ఎక్స్‌పార్టీ ఉత్తర్వు వచ్చి కూర్చుంటుంది. అందుకే నిగమ్ ముందు ఆ ఐఏను వ్యతిరేకించి, ఆ తర్వాత సెక్షన్ 8 పిటిషన్ వేసింది. నువ్వు కౌంటర్‌లో నీ వాదనంతా చెప్పేశావు, ఇక ఆర్బిట్రేషన్ హక్కు వదులుకున్నట్టేనని అవతలివాళ్లు పట్టుకున్నారు.

జస్టిస్ ఎస్.బి. సిన్హా, జస్టిస్ దల్వీర్ భండారీల ధర్మాసనం దీన్ని తోసిపుచ్చింది. తాత్కాలిక ఉత్తర్వు కోసం నడిచే పిటిషన్ అసలు దావాకు అనుబంధం మాత్రమే. దానికిచ్చే జవాబు వివాదం సారాంశం మీద మొదటి వాదన అనిపించుకోదు. నెత్తిన పడుతున్న ఉత్తర్వు నుంచి తప్పించుకోవడానికి చేతులు అడ్డం పెట్టినంత మాత్రాన ఆర్బిట్రేషన్ హక్కు పోయిందనలేం. బ్లాక్‌లిస్టు చేయడం కాంట్రాక్టుకు బయటి విషయమన్న వాదన కూడా నిలవలేదు. ఆ నిర్ణయం కాంట్రాక్టు రద్దుతో ముడిపడి పుట్టింది కాబట్టి క్లాజు పరిధిలోకే వస్తుందని కోర్టు తేల్చింది. దావాను తెలివిగా రాసినంత మాత్రాన ఆర్బిట్రేషన్‌ను ఎగ్గొట్టలేరన్నది ఇక్కడ వాదులకు అందిన సందేశం.

ఈ తీర్పు వచ్చింది కదా అని ధైర్యంగా ఉండిపోయే జూనియర్ లాయర్లకు సీనియర్లు ఒక జాగ్రత్త చెబుతుంటారు. కౌంటర్ వేయాల్సి వస్తే, ఆర్బిట్రేషన్ హక్కును వదులుకోకుండానే ఇది దాఖలు చేస్తున్నామని మొదటి పేరాలోనే ఒక వాక్యం రాసిపెట్టాలి. దాంతోపాటు ఆర్బిట్రేషన్ ఒప్పందం అసలు ప్రతినో, సర్టిఫైడ్ కాపీనో పిటిషన్‌కు జతచేయాలి. ఒప్పందం అసలు ప్రతి అవతలివాడి చేతిలోనే ఉందనుకోండి, దాన్ని కోర్టులో దాఖలు చేయించమని అడిగే వెసులుబాటు కూడా 2015 సవరణ ఇచ్చింది.

లూథియానా కథలో మరో చిక్కు ప్రశ్న సాధారణ పాఠకుడికి తట్టే ఉంటుంది. కాంట్రాక్టునే రద్దు చేశారు కదా, దానిలోని ఆర్బిట్రేషన్ క్లాజు మాత్రం ఎలా బతికి ఉంటుంది? కాంట్రాక్టు తెగినప్పుడు పుట్టే తగువులకే ఆ క్లాజు రాసుకున్నారు. అందుకే చట్టం దాన్ని మిగతా షరతుల నుంచి వేరుగా, సొంతంగా నిలబడే ఒప్పందంగా చూస్తుంది. మొత్తం కాంట్రాక్టు చెల్లదని ఆర్బిట్రేటర్ తేల్చినా, ఆ కారణంగా క్లాజు దానంతటదే కొట్టుకుపోదని సెక్షన్ 16 స్పష్టంగా చెబుతుంది.

ఇక అసలు విషయం, సమ్మతి. కోర్టు కేసుల భారం దించుకోవడానికే ఆర్బిట్రేషన్‌కు పంపుతుందన్న అనుమానానికి కొచ్చిన్ నుంచి వచ్చిన ఒక కేసు మంచి జవాబు. కొచ్చిన్ పోర్టు ట్రస్టు ఇచ్చిన వంతెనలు, రోడ్ల పనిని తీసుకున్న ఆఫ్‌కాన్స్ సంస్థ, అందులో కొంత భాగాన్ని ఓ సబ్‌కాంట్రాక్టరుకు ఇచ్చింది. ఆ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు లేదు. బకాయి కింద రెండు కోట్లకు పైగా రావాలని సబ్‌కాంట్రాక్టరు దావా వేశాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 89 వివాదాలను కోర్టు బయట పరిష్కరించడానికి పంపమంటోంది కదా అని, ఆఫ్‌కాన్స్ వద్దంటున్నా ట్రయల్ కోర్టు కేసును ఆర్బిట్రేషన్‌కు పంపింది. కేరళ హైకోర్టు సరే అంది. 2010 జులైలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. లోక్ అదాలత్‌కో, రాజీ ప్రయత్నాలకో పంపడానికి ఇద్దరి ఒప్పుదల అక్కర్లేకపోవచ్చు. అక్కడ రాజీ కుదరకపోతే కేసు తిరిగి కోర్టుకే వస్తుంది. ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లిన కేసు తిరిగి రాదు, ఆయన ఇచ్చిన తీర్పే అందరినీ కట్టేస్తుంది. కాబట్టి పక్షాలన్నీ ఒప్పుకోకుండా ఏ కోర్టూ ఎవర్నీ అక్కడికి నెట్టలేదని ధర్మాసనం తేల్చి చెప్పింది. ఎంత భారం ఉన్నా సరే.

దీనికి అద్దంలో ప్రతిబింబంలాంటి కేసు మన విజయనగరానిది. విజయనగరం సంస్థానాధీశుల కుటుంబంలోని వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పీలు పెండింగ్‌లో ఉండగానే పక్షాలన్నీ కూర్చుని, ఈ అప్పీలులోని వివాదాన్నీ మిగతావాటినీ సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి ఒకరికి ఆర్బిట్రేటర్‌గా అప్పగిద్దామని ఒప్పందం రాసుకున్నాయి. కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటంటే, దావా వేసినప్పటికి లేని ఒప్పందాన్ని, అదీ అప్పీలు దశలో చూపిస్తే సెక్షన్ 8 వర్తిస్తుందా? పి. ఆనందగజపతి రాజు కేసుగా ఇప్పటికీ లా కాలేజీల్లో చదువుకునే 2000 మార్చి నాటి తీర్పులో వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందం దావాకు ముందే పుట్టి ఉండాలని సెక్షన్‌లో ఎక్కడా లేదు. మొదటి వాదన దాఖలు చేశాక అడిగినా, అవతలివాళ్లు అభ్యంతరం చెప్పకపోతే అడ్డేమీ లేదు. ఆర్బిట్రేషన్‌కు పంపాక ఆ కోర్టులో తేల్చాల్సిందేమీ మిగలదు కాబట్టి అప్పీలును అక్కడితో ముగించారు. సెక్షన్ 8లోని మాట కోర్టుకు ఆజ్ఞలాంటిదని నిర్ద్వంద్వంగా చెప్పిన తొలి తీర్పుల్లో ఇదొకటి.

ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడుతుంది. కొచ్చిన్ కేసులో ఒక్కరు కాదన్నా కోర్టు పంపలేకపోయింది. విజయనగరం కేసులో దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే పక్షాల మాటకు కట్టుబడి కేసును వదిలేసింది. సంతకం పెట్టిన మనిషిని తన మాటకు కట్టిపడేయడమే సెక్షన్ 8 చేసే పని.

అయితే ఆ మాట గట్టిగా ఇచ్చినదై ఉండాలి. కాగితం మీద 'ఆర్బిట్రేషన్' అన్న పదం కనిపించినంత మాత్రాన ఒప్పందం కుదిరినట్టు కాదు. 2007లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఓ భాగస్వామ్య పత్రంలో, వివాదాలను భాగస్వాములే పరస్పరం తేల్చుకోవాలనీ, లేదంటే వారు అలా నిర్ణయించుకుంటే ఆర్బిట్రేషన్‌కు పంపాలనీ రాసుకున్నారు. చూడ్డానికి క్లాజు లాగే ఉంది. కానీ 'వారు అలా నిర్ణయించుకుంటే' అన్నచోటే అది కూలిపోయింది. రేపు వివాదం వచ్చాక మళ్లీ ఒప్పుకుంటేనే ఆర్బిట్రేషన్ అన్నమాట. అంటే ఈ రోజు ఎవరూ దేనికీ ఒప్పుకోలేదు. భవిష్యత్తులో ఒప్పుకోవచ్చన్న ఆశ మాత్రమే రాసుకున్నారు కాబట్టి అది ఆర్బిట్రేషన్ ఒప్పందం కాదని కోర్టు తేల్చింది. ఎక్కడో దొరికిన నమూనా పత్రాన్ని పేర్లు మార్చి వాడేసే చిన్న వ్యాపారులకు ఇలాంటి 'అవసరమైతే', 'కావాలనుకుంటే' మాటలు తరచూ ఎసరు పెడతాయి.

రూపం విషయంలో మాత్రం చట్టం ఉదారంగానే ఉంది. ఒప్పందం రాతలో ఉండాలన్నది నియమం. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలనేం లేదు. ఉత్తరాల్లోనో ఈమెయిళ్లలోనో ఒప్పుదల రికార్డయితే చాలు. ఒకరు తన క్లెయిమ్‌లో ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉందని రాస్తే, రెండోవారు జవాబులో దాన్ని కాదనకపోయినా ఒప్పుకున్నట్టే లెక్క. స్టాంపు డ్యూటీ కట్టని కాగితం మీద ఉంటే ఏమవుతుందన్న దానిపై మాత్రం పెద్ద గందరగోళమే నడిచింది. 2023 ఏప్రిల్‌లో ఐదుగురు జడ్జిల ధర్మాసనం మెజారిటీ అలాంటి క్లాజు చెల్లదంది. అదే ఏడాది డిసెంబరులో ఏడుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని తిరగరాసింది. స్టాంపు లేకపోవడం సరిదిద్దుకోగల లోపం, దాన్ని ఆర్బిట్రేటర్ చూసుకుంటాడు, పంపే దశలో కోర్టు దాని మీద కూర్చోనక్కర్లేదని చెప్పింది.

ఒప్పందం గట్టిదే అయినా అన్ని తగువులూ బయటికి పోవు. క్రిమినల్ కేసు, విడాకులు, పిల్లల సంరక్షణ, దివాలా, వీలునామా ప్రొబేట్ లాంటివి ఇద్దరి మధ్య ముగిసే విషయాలు కావు. వాటి ఫలితం మిగతా లోకం మీద కూడా పడుతుంది కాబట్టి వాటిని కోర్టులే తేల్చాలి. అద్దె నియంత్రణ చట్టాల కింద అద్దెదారుకు ప్రత్యేక రక్షణ ఉన్న కేసులూ అంతే. ఆస్తి బదిలీ చట్టం కిందికి వచ్చే మామూలు లీజు తగువులను మాత్రం ఆర్బిట్రేటర్ తేల్చవచ్చని విద్యా ద్రోలియా కేసు చెప్పింది.

అన్నిటికన్నా ఎక్కువగా వాడిన తప్పించుకునే తలుపు మోసం ఆరోపణ. తమిళనాడులోని తిరునెల్వేలిలో అన్నదమ్ములు కలిసి ఒక హోటల్ నడిపేవారు. భాగస్వామ్య పత్రంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది. హోటల్ ఖాతా నుంచి పెద్దన్న తన కొడుకు పేర సుమారు పది లక్షల రూపాయల చెక్కు ఇచ్చాడనీ, లెక్కలు దాచాడనీ మిగతావాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లారు. ఇది మోసం వ్యవహారం, ఆర్బిట్రేటర్ తేల్చలేడని వాదించారు. కింది కోర్టూ, మద్రాసు హైకోర్టూ ఒప్పుకున్నాయి. 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డబ్బు ఎటు పోయింది, లెక్కలు సరిగ్గా ఉన్నాయా అన్నవి ఖాతా పుస్తకాలు తిరగేస్తే తేలే విషయాలు. మోసం అన్న మాట దావాలో రాసినంత మాత్రాన క్లాజు పక్కకు పోతే, ఆర్బిట్రేషన్ ఇష్టం లేని ప్రతివాడూ ఆ మాటే రాస్తాడు. ఆర్బిట్రేషన్ ఒప్పందమే మోసంతో పుట్టిందన్నప్పుడో, క్రిమినల్ విచారణ అవసరమైనంత తీవ్రమైన, చిక్కుముళ్ల వ్యవహారమైనప్పుడో మాత్రమే కోర్టు కేసును తన దగ్గర ఉంచుకోవచ్చు.

సామాన్యుడికి దగ్గరగా ఉన్న మినహాయింపు వినియోగదారుడిది. ఫ్లాటో విల్లానో కొన్నప్పుడు బిల్డరిచ్చే ఒప్పందం యాభై పేజీలు ఉంటుంది, అందులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉండనే ఉంటుంది. దానిలో ఒక్క అక్షరం మార్చే శక్తి కొనేవాడికి ఉండదు. మొహాలీలో విల్లా కొన్న ఒకాయన ఎమార్ ఎంజీఎఫ్ సంస్థ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, సంస్థ సెక్షన్ 8ను ముందు పెట్టింది. 2015 సవరణ తర్వాత ఏ తీర్పులు అడ్డం వచ్చినా పంపాల్సిందేనని వాదించింది. 2018 డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. వినియోగదారుల చట్టం ప్రత్యేకంగా, అదనంగా ఇచ్చిన దారి అది. క్లాజు ఉన్నా ఆ దారి మూసుకోదు. అదే మనిషి కమిషన్‌కు కాకుండా సివిల్ కోర్టుకు వెళ్లి ఉంటే సెక్షన్ 8 వచ్చి మీద పడేది. ఇల్లు కొన్న తగువుల్లో ఎక్కడ ఫిర్యాదు వేస్తున్నామన్నది చాలామంది ఆలోచించకుండా చేసే ఎంపిక, దాని ధర మాత్రం పెద్దది.

ధర అన్నాం కాబట్టి లెక్క కూడా చూద్దాం. కోర్టులో జడ్జికి మనం జీతం ఇవ్వం. ఆర్బిట్రేటర్‌కు ఇవ్వాలి. చట్టంలోని నాలుగో షెడ్యూల్ ఒక నమూనా ఫీజు పట్టిక ఇచ్చింది. క్లెయిమ్ రూ. 20 లక్షలు అనుకుందాం. మొదటి ఐదు లక్షల మీద రూ. 45,000, మిగతా పదిహేను లక్షల మీద 3.5 శాతం అంటే రూ. 52,500. మొత్తం రూ. 97,500. ఆర్బిట్రేటర్ ఒక్కరే అయితే దాని మీద ఇరవై ఐదు శాతం అదనం, రూ. 1,21,875 అవుతుంది. సాధారణంగా దీన్ని ఇద్దరూ సగం సగం పంచుకుంటారు. లాయర్ ఫీజు, హాలు అద్దె, స్టెనో ఖర్చు వేరే. కోట్ల కాంట్రాక్టులకు ఇది పెద్ద లెక్క కాదు. మూడు లక్షల బకాయి కోసం తిరుగుతున్న చిన్న సరఫరాదారుకు మాత్రం ఇది బరువే. ఈ బరువు గురించి సెక్షన్ 8 కింద జడ్జి ఏమీ చేయలేరు, అది ఆయన చూడాల్సిన విషయం కాదు.

ఆర్బిట్రేటర్ ఎవరన్నదీ చాలా ఒప్పందాల్లో అవతలి కంపెనీ ముందే రాసి పెట్టుకుంటుంది. మా మేనేజింగ్ డైరెక్టరు, లేదా ఆయన నియమించినవారు అని ఉండే క్లాజులు ఒకప్పుడు మామూలే. 2015 సవరణ తర్వాత తగువులో ప్రయోజనం ఉన్నవాడు ఆర్బిట్రేటర్‌గా కూర్చోలేడు. అలాంటివాడు ఇంకొకరిని ఒంటరిగా నియమించలేడని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏకపక్షంగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టుకునే క్లాజులు పక్షాల సమానత్వానికి విరుద్ధమని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ కూడా తేల్చింది. క్లాజులో ఇలాంటి లోపముందని కోర్టు మొత్తం ఆర్బిట్రేషన్‌నే పక్కన పెట్టదు. తటస్థ వ్యక్తిని నియమించి తగువును అక్కడికే పంపుతుంది.

సెక్షన్ 8 ఉత్తర్వు మీద అప్పీలు ఎలా ఉంటుందో చూస్తే చట్టం ఎటువైపు మొగ్గిందో ఇంకా బాగా తెలుస్తుంది. పంపనని కోర్టు అంటే ప్రతివాది సెక్షన్ 37 కింద అప్పీలు చేసుకోవచ్చు. పంపుతానంటే వాదికి ఆ అప్పీలు లేదు. ఆర్బిట్రేషన్ ముగిసి అవార్డు వచ్చాక కూడా సెక్షన్ 34 కింద దాన్ని రద్దు చేయమని అడగడానికి దొరికే కారణాలు కొన్నే. నోటీసు ఇవ్వకపోవడం, ఒప్పందం పరిధి దాటడం, ప్రజా విధానానికి విరుద్ధంగా ఉండడం లాంటివి. ఆర్బిట్రేటర్ సాక్ష్యాన్ని తప్పుగా అంచనా వేశాడన్న ఫిర్యాదు సాధారణంగా నిలవదు. దాన్ని వేయడానికి గడువు మూడు నెలలు, తగిన కారణం చూపిస్తే మరో ముప్పై రోజులు, ఆ పైన ఒక్క రోజు కూడా లేదు. కోర్టులో ఓడినవాడికి ఉండే మొదటి అప్పీలు, రెండో అప్పీలు సౌకర్యం ఇక్కడ లేదన్నమాట. క్లాజు మీద సంతకం పెట్టినప్పుడు మనిషి వదులుకునే వాటిలో అతిపెద్దది ఇదే. అది ఆ క్లాజులో ఎక్కడా రాసి ఉండదు.

దీనికి ప్రతిఫలంగా దొరికేది వేగం. క్లెయిమ్, జవాబు పత్రాలు పూర్తయిన నాటి నుంచి పన్నెండు నెలల్లో అవార్డు రావాలి. ఇద్దరూ ఒప్పుకుంటే మరో ఆరు నెలలు. అప్పటికీ రాకపోతే గడువు పొడిగించమని కోర్టును అడగాలి. వచ్చిన అవార్డు డిక్రీలాగే అమలవుతుంది.

కోర్టు పంపిన తర్వాత వాదులు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. కోర్టు పంపింది కాబట్టి ఇక ఆర్బిట్రేటర్ నుంచి పిలుపు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటారు. సెక్షన్ 8 ఉత్తర్వు దావాను ముగిస్తుంది గానీ ఆర్బిట్రేషన్‌ను మొదలుపెట్టదు. వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపుదామని కోరుతూ అవతలివారికి తానే సెక్షన్ 21 నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అవతలివారికి అందిన రోజే ఆర్బిట్రేషన్ మొదలైనట్టు లెక్క. మూడేళ్ల కాలపరిమితిని కూడా ఆ తేదీతోనే కొలుస్తారు. తప్పు కోర్టులో నిజాయతీగా గడిపిన కాలాన్ని కాలపరిమితి చట్టంలోని సెక్షన్ 14 కింద మినహాయించమని అడగవచ్చు. ఉత్తర్వు వచ్చాక ఊరికే కూర్చున్న నెలలకు ఆ మినహాయింపు దొరకదు. నోటీసు అందిన ముప్పై రోజుల్లో ఆర్బిట్రేటర్ మీద ఏకాభిప్రాయం కుదరకపోతే, నియమించమని సెక్షన్ 11 కింద హైకోర్టుకు వెళ్లాలి. ఈలోగా ఆస్తి అన్యాక్రాంతం అవుతుందనో, బ్యాంకు గ్యారంటీ ఎగరేసుకుపోతారనో భయముంటే సెక్షన్ 9 కింద కోర్టు నుంచే తాత్కాలిక రక్షణ పొందవచ్చు. ఆర్బిట్రేషన్ ఇంకా మొదలుకాకముందే ఆ ఉత్తర్వు వస్తే, తొంభై రోజుల్లో దాన్ని మొదలుపెట్టాలి. లూథియానా రవాణా సంస్థలాంటి వాదికి అత్యవసరంగా కావాల్సింది ఇంజంక్షనే అయితే, మామూలు దావాకు బదులు మొదటి రోజే ఈ సెక్షన్ 9 పిటిషన్ వేసి, దాంతోపాటే సెక్షన్ 21 నోటీసు పంపించుకోవచ్చు.